ఫుట్‌నోట్ పరీక్ష: లా జర్నల్ ముసాయిదాలో సైటేషన్లు సరిచూడటం ఎలా

లా కాలేజీ జర్నల్ సంపాదక బృందంలో చోటు కోసం పెట్టే పరీక్షల్లో ఒకటి చూడటానికి చాలా తేలికగా ఉంటుంది. ఒక వ్యాసం ముసాయిదాలోంచి నాలుగైదు పేజీలు చేతికిచ్చి, ఫుట్‌నోట్లు సరిచూడమంటారు. తప్పులు కావాలనే పెట్టి ఉంటారు. రాసేవారిలో ఎక్కువమంది జర్నల్ స్టైల్ గైడ్ పక్కన పెట్టుకుని కామాలు, ఇటాలిక్స్, బ్రాకెట్లు దిద్దుతూ సమయమంతా గడిపేస్తారు. ఆ తప్పులు కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ పట్టుకుంటారు. మార్కుల్లో తేడా వచ్చేది మరోచోట: పైన వాక్యం చెబుతున్న మాట కింద చూపించిన తీర్పులో నిజంగా ఉందా, ఉంటే ఎవరి నోట ఉంది, అది ఇప్పటికీ చెల్లుతుందా అన్న చోట.

అందుకే పని వరుసను తలకిందులు చేయండి. స్టైల్ చివర. ముందు వాక్యం, తర్వాత మూలం, ఆ తర్వాత మూలం ప్రస్తుత స్థితి.

గోప్యత హక్కు మీద రాసిన ఒక పేరాను నమూనాగా తీసుకుందాం. ఇది ఈ వ్యాసం కోసం నేను అల్లినదే. ఇందులో ఉన్న కేసులు మాత్రం అసలువే. పరీక్షలో ఇలాంటిది ఇంగ్లీషులో ఉంటుంది.

"ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో అత్యవసరమైన అంశమని తేల్చింది (12). ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇదే ఆలోచనను దాంపత్యానికి వర్తింపజేసి, హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది (13). ఫోన్ సంభాషణలను రహస్యంగా వినడం గోప్యతకు భంగమని పీయూసీఎల్ కేసు స్థిరపరిచింది (14). 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు (15). అదే తీర్పుతో ఎ.డి.ఎం. జబల్‌పూర్ తీర్పును కూడా ఆ తొమ్మిదిమందీ తోసిపుచ్చారు (16). నేడు ఒక మహిళను వెంటాడి వేధించడం ఐపీసీ 354-డి సెక్షన్ కింద శిక్షార్హం (17)."

ఫుట్‌నోట్లు ఇవి:

12. ఖరక్ సింగ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ యూపీ, (1964) 1 ఎస్.సి.సి. 332.
13. టి. సరీత వర్సెస్ టి. వెంకట సుబ్బయ్య, ఎ.ఐ.ఆర్. 1983 ఎ.పి. 356.
14. పీయూసీఎల్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, (2003) 4 ఎస్.సి.సి. 399.
15. కె.ఎస్. పుట్టస్వామి వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, (2019) 1 ఎస్.సి.సి. 1.
16. ఐబిడ్.
17. భారతీయ శిక్షాస్మృతి, 1860 (1860లో 45వ చట్టం), సెక్షన్ 354-డి.

మొదట పై భాగం చదవండి, కిందికి చూడకండి

ఫుట్‌నోట్లను ఒక కాగితంతో కప్పేసి పేరా మాత్రమే చదవండి. ప్రతి వాక్యంలోనూ రుజువు కావలసిన మాటల కింద గీత పెట్టండి. 16వ ఫుట్‌నోట్ ఉన్న వాక్యంలో అలాంటి మాటలు మూడున్నాయి: అదే తీర్పు, జబల్‌పూర్ తీర్పు, ఆ తొమ్మిదిమందీ. మూడింటినీ విడివిడిగా రుజువు చేయాలి. ఈ పని చేయకుండా నేరుగా ఫుట్‌నోట్‌కు వెళితే, కేసు పేరు సరిపోయింది కదా అని టిక్కు పెట్టి ముందుకు పోతారు.

తర్వాత ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి: ఫుట్‌నోట్ నంబరు, వాక్యం ఏమంటోంది, మూలం ఏమంటోంది, నేను ఏం చేయాలి. మూడో గడిని మూలం తెరిచి చూశాకే నింపండి. జ్ఞాపకం మీద నింపితే ఆ గడి ఉండి ప్రయోజనం లేదు.

మూలం ఎక్కడ తెరవాలన్నది పరీక్ష నియమాన్ని బట్టి ఉంటుంది. కొన్ని జర్నళ్లు అవసరమైన తీర్పుల ప్రతులను ముసాయిదాతో కలిపి కట్టగా ఇచ్చి, బయటికి వెళ్లవద్దంటాయి. అప్పుడు కట్టలో లేని విషయం మీకు తెలిసినా దాన్ని దిద్దుబాటుగా రాయకండి, రచయితకు ప్రశ్నగా రాయండి. బయట వెతకనిస్తే, సుప్రీంకోర్టు తీర్పులకు ఈ-ఎస్.సి.ఆర్., చట్టాలకు ఇండియా కోడ్ ఉచితంగా దొరుకుతాయి. ఎస్.సి.సి. సైటేషన్ ఉంటే కాలేజీ లైబ్రరీలో ఎస్.సి.సి. ఆన్‌లైన్ గానీ అచ్చు సంపుటం గానీ చూడాలి. ఇండియన్ కానూన్ వెతకడానికి బాగుంటుంది, పేజీ నంబరు రూఢి చేయడానికి అది చాలదు.

12వ ఫుట్‌నోట్: కోర్టు అందా, ఒక న్యాయమూర్తి అన్నారా?

ముందు చిన్న తప్పు చూద్దాం. (1964) 1 ఎస్.సి.సి. 332 అన్నది ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే సుప్రీంకోర్ట్ కేసెస్ అనే ఆ రిపోర్టు 1969లో మొదలైంది. 1969కి ముందు సంవత్సరంతో ఎస్.సి.సి. కనిపిస్తే మూలం తెరవకముందే అనుమానించవచ్చు. సరైనది (1964) 1 ఎస్.సి.ఆర్. 332. ఒక్క అక్షరం మార్చి పెట్టిన ఉచ్చు ఇది.

ఇక్కడే రెండో ఉచ్చు కూడా ఉంది, దాన్ని పరీక్ష పెట్టినవారు ప్రత్యేకంగా పన్నక్కర్లేదు. ఖరక్ సింగ్ తీర్పు వెలువడింది 1962 డిసెంబరు 18న. ఎ.ఐ.ఆర్.లో అది 1963 ఎస్.సి. 1295. ఎస్.సి.ఆర్.లో 1964. ఒకే తీర్పుకు మూడు సంవత్సరాలు, మూడూ సరైనవే. సైటేషన్‌లో ఉండేది రిపోర్టు సంపుటం సంవత్సరం, తీర్పు తేదీ కాదు. వ్యాసంలో ఒకచోట 1962, ఇంకోచోట 1963 చూసి అన్నింటినీ ఒకటి చేసేవారు తప్పు లేనిచోట తప్పు పుట్టిస్తారు. సరైనదాన్ని చెడగొట్టడం, తప్పును వదిలేయడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. మూల్యాంకనం చేసేవారు ముందుగా వెతికేది కూడా అలాంటి దిద్దుబాట్లనే.

ఇక పెద్ద తప్పు. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో అత్యవసరమైన అంశం అన్న మాట ఖరక్ సింగ్ తీర్పులో నిజంగానే ఉంది. సెర్చ్‌లో వెతికితే దొరుకుతుంది కూడా. కానీ అది కోర్టు మాట కాదు. ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో నలుగురి తరఫున జస్టిస్ అయ్యంగార్ రాసిన తీర్పు, గోప్యత హక్కు మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని స్పష్టంగా అంది. పోలీసులు రాత్రివేళ ఇంటికి వచ్చి తనిఖీ చేసే నిబంధనను మాత్రం కొట్టేసింది. గోప్యతను స్వేచ్ఛలో భాగంగా చూసింది జస్టిస్ కోకా సుబ్బారావు, తనతో జస్టిస్ షా ఏకీభవించగా రాసిన అసమ్మతి తీర్పులో. రాజమహేంద్రవరంలో పుట్టి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన ఆ సుబ్బారావే. అంటే ముసాయిదా వాక్యం కోర్టు చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకమైనదాన్ని కోర్టుకు అంటగట్టింది.

దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి పాటించండి. మీకు కావలసిన వాక్యం దొరికిన వెంటనే ఆగిపోకుండా, అక్కడి నుంచి పైకి స్క్రోల్ చేస్తూ ఆ అభిప్రాయం మొదలైన చోట ఏ న్యాయమూర్తి పేరుందో చూడండి. తర్వాత తీర్పు చివరి ఉత్తర్వు చదవండి. మెజారిటీ అభిప్రాయం ప్రకారం అనే ధోరణిలో ఉత్తర్వు ఉంటే, మరో అభిప్రాయం ఉన్నట్టే. హెడ్‌నోట్ మీద ఆధారపడకండి. దాన్ని రాసేది రిపోర్టు సంపాదకులు, కోర్టు కాదు. హెడ్‌నోట్‌లోని వాక్యాన్ని తీర్పు మాటగా ఉటంకించడం ముసాయిదాల్లో తరచూ కనిపించే జబ్బు.

రచయితకు మీ వ్యాఖ్య ఇలా ఉండవచ్చు: "ఈ మాట జస్టిస్ సుబ్బారావు అసమ్మతి తీర్పులోనిది. మెజారిటీ దీనికి విరుద్ధంగా చెప్పింది. వాక్యాన్ని 'ఖరక్ సింగ్ కేసులో అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ సుబ్బారావు...' అని మార్చి, ఫుట్‌నోట్ చివర అసమ్మతి తీర్పు అని బ్రాకెట్లో చేర్చవచ్చా?" వాక్యం అర్థాన్ని మార్చే దిద్దుబాటును మీరే నేరుగా చేయకండి. ఎస్.సి.సి. స్థానంలో ఎస్.సి.ఆర్. పెట్టడం మీ పని, వాదనను మార్చడం రచయిత పని. ఈ రెంటి తేడా మీకు తెలుసా లేదా అన్నది కూడా పరీక్షలో భాగమే.

13వ ఫుట్‌నోట్: తప్పేమీ కనిపించని తప్పు

ఇక్కడ కేసు పేరు, రిపోర్టు, సంవత్సరం, పేజీ అన్నీ సరైనవే. తీర్పు తెరిస్తే వాక్యం చెప్పినదే ఉంటుంది: 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి, దాంపత్య హక్కుల పునరుద్ధరణకు వీలిచ్చే 9వ సెక్షన్ గోప్యతను హరిస్తోందని, అది చెల్లదని ప్రకటించారు. చాలామంది ఇక్కడ టిక్కు పెడతారు.

మరుసటి ఏడాదే సరోజ్ రాణి వర్సెస్ సుదర్శన్ కుమార్ చద్దా, (1984) 4 ఎస్.సి.సి. 90 కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పుతో విభేదించి, 9వ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. కాబట్టి ఫుట్‌నోట్ అబద్ధం చెప్పడం లేదు, కానీ సగమే చెబుతోంది. సరీత తీర్పును వ్యాసం నుంచి తీసేయమని రాయకండి, చరిత్రగా దాన్ని ప్రస్తావించే హక్కు రచయితకుంది. ఫుట్‌నోట్‌లో సరోజ్ రాణి చేర్చాలని, పై వాక్యంలో "ఆ తర్వాత సుప్రీంకోర్టు దీన్ని అంగీకరించలేదు" అన్న సంగతి ఉండాలని అడగండి.

తర్వాతి చరిత్ర చూడటానికి ఎస్.సి.సి. ఆన్‌లైన్, మనుపాత్ర వంటి వాటిలో ప్రతి తీర్పు పక్కనా దాన్ని తర్వాత ప్రస్తావించిన కేసుల జాబితా ఉంటుంది. హైకోర్టు తీర్పు అయితే అందులో ముందు సుప్రీంకోర్టు కేసులను మాత్రమే వడపోయండి. పని తొందరగా తేలుతుంది. 12కు కూడా ఇదే పని చేస్తే, గోప్యత రాజ్యాంగ రక్షణ లేని హక్కు అన్నంత మేరకు ఖరక్ సింగ్ మెజారిటీని 2017లో పుట్టస్వామి ధర్మాసనం తోసిపుచ్చిందని కనిపిస్తుంది. "అన్నంత మేరకు" అన్న పరిమితి ఫుట్‌నోట్‌లోకి రావాలి, తీర్పు మొత్తం పోలేదు.

హైకోర్టు పేరు గురించి ఒక మాట. "ఎ.పి." అన్నదాన్ని తెలంగాణగా దిద్దాలని కొందరికి చేయి దురద పెడుతుంది, ఆ భవనం హైదరాబాద్‌లో ఉంది కదా అని. తీర్పు వెలువడిన రోజున కోర్టు పేరేమిటన్నదే లెక్క. 1983లో అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టే. 2014 జూన్ 2 తర్వాత, 2019 జనవరి 1న రెండు కోర్టులుగా విడిపోయే వరకు, అది రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా హైదరాబాద్‌లోని హైకోర్టు. ఆ మధ్య కాలపు తీర్పు ఉంటే జర్నల్ ఏ సంక్షిప్త రూపం వాడుతుందో గైడ్‌లో చూడండి.

14, 15: ఒకే పేరు, వేరే కేసు

పీయూసీఎల్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా అన్న పేరుతో సుప్రీంకోర్టు తీర్పులు చాలా ఉన్నాయి. (2003) 4 ఎస్.సి.సి. 399 అభ్యర్థుల వివరాలు తెలుసుకునే ఓటరు హక్కు గురించి. (2013) 10 ఎస్.సి.సి. 1 నోటా గురించి. ఫోన్ ట్యాపింగ్ కేసు (1997) 1 ఎస్.సి.సి. 301. పేరును బట్టి సరిచూస్తే మూడూ ఒప్పుగానే కనిపిస్తాయి. సైటేషన్‌లో ఇచ్చిన సంపుటం, పేజీ తెరిచి మొదటి రెండు పేరాలు చదివితే నిమిషంలో తేలిపోతుంది. పేరు టైపు చేసి వెతకడం కాదు, సైటేషన్ టైపు చేసి వెతకాలి.

పుట్టస్వామి సంగతీ అంతే. గోప్యత ప్రాథమిక హక్కా అన్నది తేల్చిన తొమ్మిదిమంది తీర్పు (2017) 10 ఎస్.సి.సి. 1. 15లో ఉన్న (2019) 1 ఎస్.సి.సి. 1 ఆధార్ చట్టం మీద అయిదుగురు ఇచ్చినది, అదీ ఏకగ్రీవం కాదు, జస్టిస్ చంద్రచూడ్ అందులో అసమ్మతి తీర్పు రాశారు. వ్యాసంలో రెండూ వస్తే ప్రతిసారీ పుట్టస్వామి అని మాత్రమే రాయడం కుదరదు. మొదటిసారి వచ్చినప్పుడే వేర్వేరు పొట్టి పేర్లు పెట్టమని రచయితను అడగండి.

ఇక్కడే పేరా నంబర్ల చిక్కు కూడా ఉంది. 2017 తీర్పులో ఆరు అభిప్రాయాలున్నాయి. కోర్టు వెబ్‌సైట్లోని పీడీఎఫ్‌లో ప్రతి న్యాయమూర్తి అభిప్రాయానికీ పేరాలు ఒకటి నుంచి మొదలవుతాయి. ఎస్.సి.సి.లో మొదటి నుంచి చివరి వరకు ఒకే వరుస. పీడీఎఫ్ చూసి పేరా 40 అని రాసి, పక్కన ఎస్.సి.సి. సైటేషన్ పెడితే చదివేవారు పూర్తిగా వేరే చోటికి పోతారు. కాబట్టి ఫుట్‌నోట్‌లో ఏ రిపోర్టు పేరుందో ఆ రిపోర్టునే తెరిచి పేరా చూడండి, బ్రాకెట్లో న్యాయమూర్తి పేరు ఉండేలా చూడండి. మా నమూనాలో 15కు పేరా నంబరే లేదు. ఎస్.సి.సి.లో వందల పేజీలున్న తీర్పును మొత్తంగా చూపించడం, ఊరి పేరు మాత్రమే చెప్పి ఇల్లు వెతుక్కోమన్నట్టు ఉంటుంది. అదీ ఒక లోపంగా గుర్తించాలి.

16: ఐబిడ్ ఎవరి భుజం మీద ఉంది?

ఐబిడ్‌కు సొంత అర్థం లేదు, పై ఫుట్‌నోట్ ఏది అయితే అదే. 15ను సరిదిద్దకముందు 16 ఆధార్ తీర్పును చూపిస్తోంది. సరిదిద్దాక 2017 తీర్పును చూపిస్తుంది. కాబట్టి ఐబిడ్, సుప్రా ఉన్న ఫుట్‌నోట్లను మొదటి విడతలో వదిలేసి, మిగతావన్నీ అయ్యాక చూడండి. మధ్యలో మీరు కొత్త ఫుట్‌నోట్ ఒక్కటి చేర్చినా కింద ఉన్న ఐబిడ్ మరో కేసుకు అతుక్కుంటుంది.

అయితే మా 16లో కథ అక్కడితో ముగియదు. తొమ్మిదిమందీ జబల్‌పూర్ తీర్పును తోసిపుచ్చారా? 2017 తీర్పు చివర తొమ్మిదిమంది సంతకం చేసిన ఉత్తర్వులో నాలుగు అంశాలున్నాయి. ఎం.పి. శర్మ, ఖరక్ సింగ్ తీర్పుల పేర్లు అందులో ఉన్నాయి, జబల్‌పూర్ పేరు లేదు. జబల్‌పూర్‌ను తోసిపుచ్చుతున్నట్టు రాసింది జస్టిస్ చంద్రచూడ్, తనతో కలిపి నలుగురి తరఫున. జస్టిస్ కౌల్ తన సొంత అభిప్రాయంలో ఆ తోసిపుచ్చడాన్ని ప్రత్యేకంగా సమర్థించారు. కాబట్టి "ఆ తొమ్మిదిమందీ" అన్న మాటకు ఉత్తర్వు ఆధారంగా నిలబడదు. ఆ మాట ఎవరి అభిప్రాయంలో ఉందో పేరాతో సహా చూపించమని రచయితను అడగాలి. ఈ ఒక్క వ్యాఖ్య రాసినవారిని మూల్యాంకనం చేసేవారు గుర్తుపెట్టుకుంటారు, ఎందుకంటే అంత దూరం చదివేవారు తక్కువ.

17: చట్టానికి తేదీ ఉంటుంది

వాక్యం "నేడు" అంటోంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. వెంటాడి వేధించడం ఇప్పుడు అందులో 78వ సెక్షన్. ఆ తేదీకి ముందు జరిగిన నేరాల గురించి అయితే 354-డి సరైనదే, కాబట్టి వాక్యం ఏ కాలం గురించి మాట్లాడుతోందో చూశాకే దిద్దండి. చట్టం నంబరు దిద్దేటప్పుడు ఒక విచిత్రం ఎదురవుతుంది: ఐపీసీ 1860లో 45వ చట్టం, న్యాయ సంహిత 2023లో 45వ చట్టం. సంవత్సరం మార్చి నంబరు వదిలేస్తే ఏదో మరిచినట్టు అనిపిస్తుంది, కానీ అదే సరి. ఇండియా కోడ్‌లో ఒకసారి చూసి వదిలేయండి.

ఆఖరున స్టైల్

ఇప్పుడు గైడ్ తెరవండి. జర్నల్ ఏ గైడ్ పాటిస్తుందో దాన్నే పాటించాలి, మీకు అలవాటైనదాన్ని కాదు. బ్లూబుక్ పద్ధతిలో కేసులకు, చట్టాలకు సుప్రా వాడరు. ఆస్కోలాలో సుప్రా అన్న మాటే ఉండదు, వెనకటి ఫుట్‌నోట్ నంబరును బ్రాకెట్లో ఇస్తారు. ఎ.ఐ.ఆర్. సైటేషన్‌లో సంవత్సరానికి బ్రాకెట్లు ఉండవు, ఎస్.సి.సి.లో గుండ్రటి బ్రాకెట్లు ఉంటాయి. ఇలాంటివాటిని ఒక్కొక్క ఫుట్‌నోట్‌గా కాక, ఒక్కొక్క రకంగా చూడండి: ముందు అన్ని ఎస్.సి.సి.లు, తర్వాత అన్ని చట్టాలు. కన్ను తక్కువ అలసిపోతుంది. ఇచ్చిన సమయంలో అయిదో వంతుకు మించి దీనికి కేటాయించకండి.

వర్డ్‌లో చేస్తుంటే మార్పులన్నీ ట్రాక్ ఛేంజెస్‌లో ఉంచండి, వ్యాఖ్యలు కామెంట్లుగా పెట్టండి. సుప్రా నంబర్లను రచయిత క్రాస్ రిఫరెన్సుగా పెట్టి ఉంటే, ఫుట్‌నోట్లు చేర్చాక వాటిని తాజా చేయాలి. పేజీ పై భాగంలో కర్సర్ ఉంచి `Ctrl+A`, తర్వాత `F9` నొక్కితే వ్యాసంలోని నంబర్లు మాత్రమే మారతాయి, ఫుట్‌నోట్లలోనివి మారవు. ఏదో ఒక ఫుట్‌నోట్‌లోకి కర్సర్ తీసుకెళ్లి అవే మీటలు మళ్లీ నొక్కాలి. సుప్రా నంబర్లను రచయిత చేత్తో టైపు చేసి ఉంటే ఏ మీటా పనిచేయదు, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ వెళ్లడమే.

సమయం చాలక సరిచూడలేకపోయిన ఫుట్‌నోట్ ఉంటే దాన్ని ఖాళీగా వదలకండి. ఖాళీగా ఉంటే ఒప్పు అని అర్థం. "మూలం తెరవలేదు, పేరా సరిచూడాలి" అని కామెంట్ పెట్టి సమర్పించండి.